దసరా ముందు ఓటీ నెల: పేస్లిప్ సరిచూసుకునేటప్పుడు జాగ్రత్తలు

జడ్చర్ల, కొత్తూరు, చౌటుప్పల్ వైపు కంపెనీల్లో పండుగ ముందు ఓటీ పెరిగితే పేస్లిప్‌లో తేడాలూ పెరుగుతాయి. ఎక్కువగా దెబ్బతినేది నైట్ షిఫ్టు వాళ్లే. రాత్రి 10కి ఇన్ పంచ్ ఒక తేదీలో, పొద్దున అవుట్ పంచ్ ఇంకో తేదీలో పడతాయి. సిస్టంలో షిఫ్టు సరిగ్గా పెట్టకపోతే ఆ రెండూ కలవవు, ఓటీ లెక్కలోకి రాదు.

అందుకే షిఫ్టు దిగిన రోజే నోట్‌బుక్కులో రాసిపెట్టుకోండి. డ్యూటీ ఎక్కిన తేదీ, ఎక్కిన టైం, దిగిన టైం, ఆగమన్న సూపర్‌వైజర్ పేరు ఉంటే చాలు. నైట్ అయితే ఎక్కిన తేదీ కిందనే "తెల్లారి 8కి దిగిన" అని రాయండి.

పేస్లిప్ చేతికి రాగానే ముందు అడగాల్సింది హాజరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు తీశారని. చాలాచోట్ల 21 నుంచి 20 వరకు తీస్తారు. అలాంటప్పుడు 25న చేసిన ఓటీ వచ్చే నెల జీతంలో కలుస్తుంది. ఇది చూడకుండా అడిగితే తప్పు మనవైపే తేలుతుంది, తర్వాత నిజంగా తేడా వచ్చినా మాట చెల్లదు.

ఒక లెక్క చూద్దాం. జీతం 15,600, కంపెనీ 26 రోజులతో భాగిస్తుంది. రోజుకు 600, గంటకు 75. ఫ్యాక్టరీలో ఓటీకి చట్టప్రకారం రెట్టింపు కాబట్టి గంటకు 150. నోట్‌బుక్కులో 22 గంటలు, పేస్లిప్‌లో 14. పోయిన 8 గంటలు నాలుగు నైట్లలో రెండేసి గంటలు ఆగినవి. రావాల్సింది 1,200. ఓటీ మీద పీఎఫ్ కోయరు. ఓటీ మీద కూడా ఈఎస్ఐ 0.75 శాతం కోసి ఉంటే 9 రూపాయలు పోయి చేతికి 1,191 రావాలి. గంటలు సరిపోయి డబ్బులే తగ్గితే 26కు బదులు 30తో భాగించారేమో, లేదా బేసిక్ మీదే కట్టారేమో చూడండి.

కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు ముందు కాంట్రాక్టర్ ఆఫీసులో అడగాలి. మొత్తం నోట్‌బుక్కు ముందు పెట్టకుండా, తేడా వచ్చిన తేదీలే రాసి పంపండి:

"నమస్తే సార్. ఈ నెల పేస్లిప్‌లో ఓటీ 14 గంటలు ఉంది, నా లెక్కలో 22 వస్తున్నయి. 3, 4, 5, 6 తారీఖుల నైట్ షిఫ్టుల్లో పొద్దున 8 దాకా ఉన్న. ఆ నాలుగు రోజుల పంచింగ్ రిపోర్ట్ ఒకసారి చూస్తరా? నా లెక్కలో తప్పుంటే చెప్పండి సార్."

దీన్ని వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపితే తేదీతో సహా రుజువు ఉంటుంది. వచ్చే నెల హాజరు మూసే తేదీకి ముందే పంపాలి. ఒప్పుకుంటే ఆ డబ్బులు తర్వాతి పేస్లిప్‌లో ఎరియర్స్ కింద వస్తాయి. ఆ నెల ఓటీలో కలిపేశారంటే మాత్రం ఏ గంటలు ఏ నెలవో విడదీసి చూపమని అడగండి.