ఫోన్‌లో ఆగని సినిమా టీవీలో ఎందుకు ఆగుతోంది?

హాల్లో టీవీ పెడితే పది నిమిషాలకోసారి బొమ్మ ఆగిపోయి మధ్యలో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. అదే వైఫై మీద ఇంట్లో ఫోన్లన్నీ ఒక్క క్షణం కూడా ఆగకుండా ఆడుతుంటాయి. కంపెనీకి ఫోన్ చేస్తే ‘మీ లైన్ బాగానే ఉంది’ అంటారు. వాళ్లు చెప్పేది చాలాసార్లు నిజమే. లైన్ ఇంటి దాకా బాగానే వస్తోంది, చిక్కంతా రౌటర్ నుంచి టీవీ దాకా ఉన్న ఆ నాలుగు గజాల గాలిలో ఉంటుంది.

మియాపూర్‌లో మా అక్క వాళ్ల ఫ్లాట్‌లో గత నెల ఇదే గొడవ. టీవీ కొని ఐదేళ్లయింది, 43 అంగుళాలది. ‘నెట్‌కేం రోగం లేదు, టీవీ పాడైంది, మార్చేద్దాం’ అని బావగారు కొత్త టీవీల ధరలు చూస్తున్నారు. ఒక్క ఆదివారం ఆగండి బావా అని చెప్పి వెళ్లాను.

ఫోన్‌తో పోల్చడంలో ఉన్న మోసం

ఫోన్ బాగా ఆడుతోంది కాబట్టి వైఫై బాగుంది అనుకోవడం మొదటి పొరపాటు. ఫోన్ తెర చిన్నది, యాప్ దానికి తక్కువ క్వాలిటీ పంపినా మనకు తేడా తెలియదు. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం 720p బొమ్మకు 3 ఎంబీపీఎస్ చాలు, 1080pకి 5 కావాలి, 4కేకి 15 కావాలి. అంటే ఫోన్ 3తో సర్దుకుపోయే చోట 4కే టీవీ దానికి ఐదు రెట్లు అడుగుతుంది.

ఇంకో మోసం కూడా ఉంది. వైఫై నీరసించగానే చాలా ఫోన్లు చెప్పాపెట్టకుండా మొబైల్ డేటాకు మారిపోతాయి. మనం మాత్రం వైఫై మీదే ఆడుతోందనుకుంటాం. అందుకే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేసి, టీవీ పక్కనే నిలబడి పరీక్షించాలి. సోఫాలో కూర్చుని చేసిన పరీక్ష సోఫా గురించే చెబుతుంది.

అక్క వాళ్ల ఇంట్లో అలా నెట్ వేగం కొలిచే fast.com సైట్ తెరిస్తే 92 ఎంబీపీఎస్ వచ్చింది. వాళ్లది 100 ప్లాన్. ‘చూశావా?’ అన్నట్టు బావగారు నా వైపు చూశారు. రౌటర్ వైఫైని రెండు బ్యాండ్ల మీద, అంటే రెండు దారుల్లో పంపుతుంది: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. అప్పుడు అదే ఫోన్‌ను రౌటర్‌లోని 2.4 గిగాహెర్ట్జ్ పేరుకు కలిపి, అక్కడే నిలబడి మళ్లీ కొలిచాను. 24 వచ్చింది. ఇల్లు అదే, రౌటర్ అదే, నిలబడిన చోటు కూడా మారలేదు. మారిందల్లా బ్యాండ్. ఫోన్లు తమంతట తాము 5 గిగాహెర్ట్జ్ పట్టుకుంటున్నాయి, టీవీ 2.4 మీద ఈడుస్తోంది.

జబ్బు నెట్‌దా, టీవీదా?

ఈ ప్రశ్నకు జవాబు యూట్యూబ్‌లోనే ఉంది. టీవీలో ఏదైనా పొడుగాటి వీడియో పెట్టి, క్వాలిటీ 1080pకి మార్చి, సెట్టింగ్స్ గుర్తులో Stats for nerds ఆన్ చేయండి. తెర మీద బోలెడు అంకెలు వస్తాయి. మనకు మూడు చాలు.

Connection Speed అన్నది Kbpsలో ఉంటుంది, వెయ్యితో భాగిస్తే ఎంబీపీఎస్. Buffer Health అంటే ముందుగానే తెచ్చి దాచుకున్న వీడియో ఎన్ని సెకన్లకు సరిపోతుందో చెప్పే అంకె, మన ఇంటి నీళ్ల ట్యాంకు లాంటిది. Frames దగ్గర dropped అని ఉండేది టీవీ చూపించలేక వదిలేసిన బొమ్మల లెక్క.

ఐదు నిమిషాలు కదలకుండా Buffer Health మీదే కన్నేసి ఉంచండి. అది తగ్గుతూ తగ్గుతూ సున్నాకు చేరినప్పుడే బొమ్మ ఆగితే, ట్యాంకులోకి నీళ్లు రావడం లేదన్నమాట, వైఫై సంగతి చూడాలి. అలా కాకుండా ట్యాంకు ఇరవై ముప్పై సెకన్లతో నిండుగా ఉన్నా బొమ్మ తడబడుతూ, dropped అంకె గబగబా పెరుగుతుంటే వైఫైని తప్పుపట్టకండి. టీవీ లోపలి చిప్పుకో, మెమరీకో శక్తి చాలడం లేదు.

అక్క వాళ్ల టీవీలో 18, 11, 4, 0. ఆగింది. మళ్లీ 6 దాకా ఎక్కింది, మళ్లీ 0. Connection Speed 5800 దగ్గర కొట్టుకుంటోంది, అంటే 6 ఎంబీపీఎస్ కూడా లేదు. Dropped అంకె కదలనే లేదు. దాంతో కొత్త టీవీ మాట పక్కకు పోయింది.

ఒకే గదిలో ఫోన్‌కు 24, టీవీకి 6 ఎందుకు?

చవక టీవీల్లో చాలావరకు వైఫై యాంటెనా ఒక్కటే ఉంటుంది, అది కూడా వెనక వైపు, రేకు పక్కన. టీవీని గోడకు బిగిస్తే ఆ యాంటెనా గోడకూ రేకుకూ మధ్య ఇరుక్కుంటుంది. ఫోన్‌ను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతాం కాబట్టి దానికి ఎక్కడో ఒకచోట సిగ్నల్ దొరుకుతుంది. టీవీ బిగించిన చోటే ఉండిపోతుంది.

దానికి తోడు అపార్ట్‌మెంట్. టీవీ వైఫై జాబితా తెరిస్తే పక్కింటివి, పైఇంటివి కలిపి 22 పేర్లు కనిపించాయి. ఒక్కో బ్యాండ్‌లో చానెళ్లనే వరసలు ఉంటాయి. 2.4 బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి రాసుకోకుండా ఉండే చానెళ్లు మూడే: 1, 6, 11. ఆ ఇరవై రెండు రౌటర్లూ ఈ మూడింట్లోనే తోసుకోవాలి. రాత్రి తొమ్మిదికి ఎక్కువగా ఆగుతోంది, పొద్దున బాగుంటోంది అని అక్క అన్నది ఇందుకే.

5 గిగాహెర్ట్జ్‌కు మార్చడం

టీవీకి 5 గిగాహెర్ట్జ్ పట్టే శక్తి ఉంటే పైసా ఖర్చు లేకుండా పని అయిపోతుంది. చాలా రౌటర్లు రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి, ఏది కావాలో మీరే ఎంచుకోండని పరికరాలకు వదిలేస్తాయి. టీవీలు తరచూ 2.4నే ఎంచుకుని దాన్నే పట్టుకుని కూర్చుంటాయి. బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొట్టి, రౌటర్ కింద అతికించిన స్టిక్కర్ మీది పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లండి. రెండు బ్యాండ్లకు రెండు పేర్లు పెట్టండి. టీవీలో పాత పేరును Forget చేసి, 5 గిగాహెర్ట్జ్ పేరుకు కలపండి. Forget చేయకపోతే టీవీ మర్నాడు మళ్లీ పాతదానికే పోతుంది. కొన్ని కంపెనీలు రౌటర్ పేజీకి తాళం వేస్తాయి, అప్పుడు కస్టమర్ కేర్‌కు చెప్పి వాళ్ల చేతే మార్పించుకోవాలి.

టీవీలో 5 గిగాహెర్ట్జ్ పేరు కనిపించలేదని వెంటనే ఆశ వదులుకోవద్దు. రౌటర్ 52, ఆపైన ఉన్న చానెళ్లలో ఏదైనా వాడుతుంటే ఫోన్‌కు కనిపించినా కొన్ని టీవీలకు కనిపించదు. 5 గిగాహెర్ట్జ్ చానెల్‌ను 36కు మార్చి మళ్లీ వెతకండి. అయితే ఈ బ్యాండ్‌కు గోడలంటే పడదు. రౌటర్‌కూ టీవీకీ మధ్య రెండు గోడలుంటే 2.4 కన్నా అధ్వాన్నంగా ఉండొచ్చు, ముందు టీవీ దగ్గర ఫోన్‌తో కొలిచి చూసుకోండి.

అక్క వాళ్ల టీవీలో 36 పెట్టినా పేరు రాలేదు. టీవీ వివరాల కాగితంలో వైఫై దగ్గర b/g/n అని మాత్రమే రాసుంది. పక్కన a గానీ ac గానీ లేకపోతే సాధారణంగా అది 2.4 మాత్రమే తెలిసిన టీవీ అని అర్థం.

టీవీకి 2.4 మాత్రమే ఉంటే

ముందు ఖర్చు లేని పని. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ ఒకటి వేసి, ఏ చానెల్ మీద ఎందరున్నారో చూశాను. మా రౌటర్ Auto అని చెప్పుకుంటూ 11 మీద ఉంది, అక్కడే తొమ్మిది మంది ఉన్నారు. 1 మీద నలుగురే. చానెల్ 1 చేసి, Bandwidth 20MHzకి తగ్గించాను. 40 పెడితే వేగం పెరుగుతుందని చాలామంది పెడతారు. జనం ఉన్నచోట అది రెండు సీట్లు ఆక్రమించి ఇద్దరితో గొడవ పడడమే. అలాగే ఖాళీగా ఉందని మధ్యలో 3, 4 లాంటి చానెళ్లు పెట్టకండి, అటూ ఇటూ ఇద్దరి రొదా వినాల్సి వస్తుంది. ఆ తర్వాత చెప్పుల స్టాండ్ పక్కన ఇనప అల్మరాలో పెట్టిన రౌటర్‌ను బయటికి తీసి పైన పెట్టాను. టీవీలో వేగం 6 నుంచి 14కు చేరింది. 1080p ఆగకుండా ఆడింది. 4కే మాత్రం ఇంకా మొరాయించింది.

ఇక్కడ రెండు దారులు. ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఉన్న స్ట్రీమింగ్ స్టిక్ కొని హెచ్‌డీఎంఐలో పెట్టడం. దాన్ని నేరుగా టీవీ వెనక దూర్చేస్తే మళ్లీ ఆ రేకు చాటునే పడుతుంది, పెట్టెలో వచ్చే చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో పక్కకు వేలాడనివ్వండి. కరెంటు కూడా టీవీ యూఎస్‌బీ నుంచి కాకుండా దాని అడాప్టర్ నుంచే ఇవ్వండి. టీవీ యూఎస్‌బీ ఇచ్చే కరెంటు చాలక మధ్యలో రీస్టార్ట్ అయ్యే స్టిక్కులు నేను చాలా చూశాను.

రెండోది రౌటర్ నుంచి టీవీకి నేరుగా వేసే లాన్ కేబుల్, నా ఓటు ఎప్పుడూ దీనికే. టీవీల్లో ఈ పోర్ట్ చాలావరకు 100 ఎంబీపీఎస్‌దే కాబట్టి కొలిస్తే 94 దగ్గర ఆగుతుంది. ఫోన్‌కు 300 వస్తుంటే టీవీకి ఇంతేనా అని బెంగపడక్కర్లేదు, 4కే సినిమాకు అందులో నాలుగో వంతు కూడా పట్టదు. పైగా పక్కింటి రౌటర్లతో దీనికి పనే లేదు. సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ముందుకు పంపే వైఫై రిపీటర్ అమ్మజూపితే మాత్రం ఆలోచించండి. ఒకే బ్యాండ్ మీద విని, మళ్లీ దాని మీదే చెప్పే రకం అయితే ఉన్న వేగంలో సగం అదే తినేస్తుంది.

15 మీటర్ల క్యాట్ 6 వైరు తెచ్చి, గోడ వారగా క్లిప్పులు కొట్టాం. అక్క మాత్రం ‘ఈ వైరు కనిపించకుండా చేయరా’ అని మూడుసార్లు అంది. Buffer Health ఎక్కి కూర్చుని ఇక దిగలేదు.

ట్యాంకు నిండుగా ఉన్నా ఆగితే

రిమోట్‌తో ఆపితే చాలా టీవీలు నిజంగా ఆగవు, కునుకు తీస్తాయి అంతే. నెలల తరబడి రీస్టార్ట్ కాని టీవీలో మెమరీ అంతా పాత యాప్‌లే ఆక్రమించి ఉంటాయి. సెట్టింగ్స్‌లో Restart కొట్టండి, దొరకకపోతే ప్లగ్ తీసి ఒక నిమిషం ఆగి పెట్టండి. తర్వాత స్టోరేజ్ చూడండి. 8 జీబీ టీవీలో సిస్టమ్ పోను మిగిలేదే కొంచెం, అది నిండితే యాప్ వీడియో దాచుకోవడానికి చోటుండదు. వాడని యాప్‌లు తీసేసి, ఆగే యాప్‌కు Clear cache చేయండి. ఏదో ఒక్క యాప్ మాత్రమే ఆగుతూ మిగతావి బాగుంటే దాన్ని తీసేసి మళ్లీ వేసుకోండి. ఇవన్నీ చేసినా dropped అంకె పెరుగుతూనే ఉంటే క్వాలిటీ ఒక మెట్టు తగ్గించండి లేదా స్టిక్ పెట్టుకోండి. స్టిక్‌లో దాని సొంత చిప్పు ఉంటుంది కాబట్టి టీవీ వట్టి తెరగా పనిచేస్తే చాలు.