ఫొటోలో వాయిద్యం: తీగలు ముందు, చర్మం తర్వాత

ఫొటోలో వాయిద్యం తీగదా, గాలిదా, చర్మానిదా, లోహానిదా అని చెప్పమంటే నేను బాంజో దగ్గర ఎప్పుడూ తడబడేవాణ్ణి. గుండ్రటి చర్మం కనబడగానే డప్పు జాతి అనేసేవాణ్ణి.

ఇప్పుడు ఫొటోని జూమ్ చేసి ముందు తీగల కోసమే వెతుకుతాను. మెడ చివర తీగలు బిగించే బిరడాలు, చర్మం మీద నిలబడి తీగల్ని మోసే చిన్న చెక్క గుర్రం ఉంటే అది తీగ వాయిద్యమే. మొదట కంపించేది తీగ, ఆ శబ్దాన్ని పెద్దది చేసేదే చర్మం. ఐదు తీగల బాంజోకి ఐదో బిరడా మెడ పక్కన విడిగా ఉంటుంది, అదో మంచి గుర్తు.

తీగలు లేకపోతే నోరు పెట్టే చోటు చూడండి. ఉంటే గాలి వాయిద్యం, ఒళ్లంతా ఇత్తడైనా సరే. శాక్సఫోన్ అలాంటిదే. అదీ లేకపోతే బిగించిన చర్మం. ఏదీ లేకుండా తాళాల్లా ఒళ్లే మోగేవి చివరికి మిగులుతాయి.

మెట్లున్న పెట్టెల దగ్గర మాత్రం ఇది పనిచేయదు. పియానోలో తీగలు, హార్మోనియంలో గాలికి ఆడే రేకులు లోపలే ఉంటాయి. హార్మోనియానికైతే వెనక తిత్తి కనబడుతుందేమో చూడాలి.