లాట్ పెంచే ముందు లైవ్‌నీ బ్యాక్‌టెస్ట్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి

స్ట్రాటజీ చచ్చిపోయినప్పుడు అకౌంట్ ఒక్కరోజులో ఖాళీ అయిపోదు. నాలుగు రోజులు వస్తుంది, ఐదు రోజులు పోతుంది, మొత్తం మీద ఉన్నచోటే ఉన్నట్టుంటుంది. లాభనష్టాల మొత్తం ఒక్కటే చూసుకుంటే ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

సీతమ్మధారలో ఉండే ఒక మిత్రుడి లెక్క చెబుతాను. నిఫ్టీ ఫ్యూచర్స్‌లో ఉదయం రేంజ్ దాటితే ఎంట్రీ, సాయంత్రానికి ఎగ్జిట్. బ్యాక్‌టెస్ట్‌లో, అంటే పాత ధరల మీద నడిపి చూసినప్పుడు, 400 ట్రేడ్లు, ఖర్చులు పోగా ట్రేడుకి సగటున 6 పాయింట్లు మిగిలాయి. కానీ ఒక్కో ట్రేడు ఫలితం ఆ సగటు చుట్టూ అటూ ఇటూ సుమారు 40 పాయింట్ల మేర చెదిరి ఉంది. ఈ 40 అనేది స్టాండర్డ్ డీవియేషన్. లైవ్‌కి వెళ్లేముందే ఈ రెండు అంకెలూ రాసి పెట్టుకోవాలి. తర్వాత రాసుకుంటే మనసు వాటిని మనకి కావలసినట్టు సర్దేస్తుంది.

2024 అక్టోబరు తర్వాత అతను లైవ్‌లో 40 ట్రేడ్లు చేశాడు. రావలసింది 240 పాయింట్లు, వచ్చింది మైనస్ 80. పరిస్థితి చెడ్డదేనా? 40ని ట్రేడ్ల సంఖ్య వర్గమూలంతో గుణిస్తే మొత్తంలో ఉండే ఊగిసలాట సుమారు 253. దానికి రెట్టింపు అటూ ఇటూ వేసుకుంటే మైనస్ 266 నుంచి ప్లస్ 746 దాకా ఏది వచ్చినా అదృష్టం ఖాతాలో వేయొచ్చు. “బ్యాండ్‌లోనే ఉన్నాం కదా గురూ, లాట్ పెంచేస్తా” అన్నాడు. ఆ లెక్క తప్పు కాదు. కాకపోతే ఆ లెక్కకి చూపు తక్కువ. ఈ స్ట్రాటజీలో సుమారు 180 ట్రేడ్లు దాటితేగానీ ఆ బ్యాండ్ కింది అంచు సున్నా పైకి రాదు.

అందుకే రెండో లెక్క. లైవ్ చేసిన అవే తేదీల మీద బ్యాక్‌టెస్ట్‌ని మళ్లీ నడిపి, ట్రేడుకి ట్రేడు పక్కన పెట్టాలి. మార్కెట్ ఊగిసలాట రెండు వైపులా ఒకటే కాబట్టి తీసివేతలో పోతుంది, తేడా మాత్రం మిగులుతుంది. అతని విషయంలో రీరన్ 45 ట్రేడ్లు చూపించింది, లైవ్‌లో 40. ఆ 40లో రీరన్‌కి ప్లస్ 80 వస్తే ఇతనికి మైనస్ 80. అంటే ట్రేడుకి 4 పాయింట్ల లోటు. ఈ లోటు చెదురు 5 పాయింట్లే. అందుకని 40 ట్రేడ్లకే అది నిజమని గట్టిగా చెప్పొచ్చు. 6 పాయింట్ల స్ట్రాటజీలో 4 పోతే ఇంకేం మిగిలింది?

ఆ నాలుగూ ఎక్కడికి పోయాయో వెతికాం. 2024 అక్టోబరు 1 నుంచి ఫ్యూచర్స్ అమ్మకం మీద ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను 0.0125 శాతం నుంచి 0.02 శాతానికి పెరిగింది. నిఫ్టీ 25,000 దగ్గర ఉంటే అది 3.1 పాయింట్ల నుంచి 5కి పెరిగినట్టు. అతని కోడ్‌లో మాత్రం పాత రేటే ఉండిపోయింది. దాదాపు 2 పాయింట్లు అక్కడే. మిగతా రెండూ స్టాప్‌లాస్ తగిలినప్పుడు అనుకున్న ధర కంటే దిగువన అమ్ముడైనవి, అదే స్లిపేజ్. మీరు చేసేనాటికి ఎస్‌టీటీ రేటు ఎంతుందో చూసుకుని మార్చుకోండి.

ఇక లైవ్‌లో పడని ఐదు ట్రేడ్లు. రీరన్‌లో అవి ఐదూ కలిపి ప్లస్ 150. ఇది యాదృచ్ఛికం కాదు. అతను లిమిట్ ఆర్డర్ పెడతాడు. ధర వెనక్కి వచ్చిన రోజే ఆర్డర్ పడుతుంది, ఆగకుండా పరుగెత్తిన రోజు పడదు. మంచి ట్రేడ్లే జారిపోతాయి, చెడ్డవన్నీ చేతికొస్తాయి. బ్యాక్‌టెస్ట్ మాత్రం అన్నీ పడ్డాయనే అనుకుంటుంది. కాబట్టి పడని ఆర్డర్లని కూడా సమయంతో సహా రాయండి. మన విశాఖలో తుఫాను రోజుల్లో కరెంటో నెట్టో పోయి మిస్సయినవి వేరే గడిలో వేయండి. రెండూ కలిపేస్తే అసలు జబ్బు దొరకదు.

ఇంకో రకం ఉంది. రీరన్‌కీ లైవ్‌కీ తేడా లేదు, కానీ రీరన్ కూడా వారాల తరబడి నీరసించిపోతోంది. అప్పుడు తప్పు ఆర్డర్లది కాదు, మార్కెట్టే మారి ఉండొచ్చు, లేదా బ్యాక్‌టెస్ట్ మొదటినుంచీ గొప్పలు చెప్పి ఉండొచ్చు. ముప్ఫై రకాల సెట్టింగులు ప్రయత్నించి బాగున్నదే ఎంచుకుని ఉంటే ఆ 6ని 3 అనుకోవడమే మేలు. దీన్ని తేల్చడానికి షార్ట్‌కట్ లేదు, ట్రేడ్ల సంఖ్య పెరగాల్సిందే. ఆలోగా లాట్ కనిష్ఠంలో ఉంచండి, సెట్టింగులు కదపకండి. కదిపితే అది కొత్త స్ట్రాటజీ, లెక్క మళ్లీ మొదటి ట్రేడు నుంచే.

మిత్రుడు లాట్ పెంచలేదు. కొత్త ఎస్‌టీటీ, 2 పాయింట్ల స్లిపేజ్ కోడ్‌లో వేసి, లిమిట్ బదులు మార్కెట్ ఆర్డర్‌తో 400 ట్రేడ్లూ మళ్లీ నడిపాడు. సగటు 6 నుంచి 1కి పడింది.