గ్రానైట్ ఫొటోలో పలుగునీ ఫెల్డ్‌స్పార్‌నీ విడదీయాలంటే

మన హైదరాబాద్ గుట్టల గ్రానైట్ ముక్కని ఫొటో తీసి అందులో ఏ గింజ ఏ ఖనిజమో పోల్చుకోవాలంటే ఒక్క ఫొటో చాలదు. అప్పుడే పగిలిన ముఖాన్ని ఎండలో పెట్టి, ముక్కని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు తీయండి. వంటగట్టు మీది పాలిష్ రాయి దీనికి పనికిరాదు, అక్కడ అన్నీ ఒకేలా మెరుస్తాయి.

ఖాజాగూడ దగ్గర రోడ్డు పక్కన దొరికిన ముక్కలో నేను చూసింది చెప్తాను. బొటనవేలి గోరంత గులాబీ గింజ ఒక ఫొటోలో మెరుపు లేకుండా ఉంది, తర్వాతి దాంట్లో అద్దంలా తళుక్కుమంది. అలా చదునుగా, మెట్లుమెట్లుగా చీలి మెరిస్తే ఫెల్డ్‌స్పార్. గింజలో సగమే మెరిసి, తిప్పాక మిగతా సగం మెరిస్తే అది జంట స్ఫటికం, అంటే రెండు స్ఫటికాలు అతుక్కుని పెరిగినది. ఫెల్డ్‌స్పారే అని ఇంక అనుమానమే అక్కర్లేదు.

పక్కనున్న బూడిదరంగు గింజ ఎటు తిప్పినా అలా మెరవలేదు. నూనె రాసిన గాజు పెంకులా ఉంది. అదే పలుగు, అంటే క్వార్ట్జ్. దానికి చదునుగా చీలే గుణం లేదు, సీసా పగిలినట్టు వంపులుగా పగులుతుంది. లోపలి చీకటి కనబడి ఫొటోలో నల్లగా అనిపిస్తుంది, చాలామంది పొరబడేది ఇక్కడే.

నల్లగా ఉండి రేకులా మెరిసేది బయోటైట్ అభ్రకం. సూదితో గీరితే పొర లేస్తుంది. లేవకుండా పొడుగ్గా, గట్టిగా ఉంటే హార్న్‌బ్లెండ్ అనే మరో నల్ల ఖనిజం కావచ్చు.

రంగుని మాత్రం నమ్మకండి. ఫెల్డ్‌స్పార్ తెల్లగానూ ఉంటుంది, వానకి నాని ఎండకి ఎండిన పాత ముఖం మీదైతే సుద్దలా మాసిపోయి అసలు మెరవదు.