పోస్టాఫీసు ఆర్డీలో ఒక వాయిదా తప్పితే ఏం చేయాలి?

బెంగళూరు మారతహళ్లిలో మా పక్కింటి అక్క టైలరింగ్ చేస్తారు. కడప నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. 2024 జనవరి 12న పోస్టాఫీసులో నెలకు 2,000 రూపాయల ఆర్డీ తెరిచారు. మేలో తమ్ముడి పెళ్లికని ఊరెళ్లి, నెలాఖరుకు గానీ తిరిగి రాలేదు, మే వాయిదా తప్పిపోయింది. జూన్ మొదటి వారంలో పాస్‌బుక్ పట్టుకుని మా ఇంటికొచ్చి, "ఇప్పుడు నా డబ్బులు పోయినట్టేనా?" అని అడిగారు. పోలేదు. కానీ ఆవిడ ఆ రోజు కౌంటర్‌లో ఎంత కడతారన్నది మాత్రం ముఖ్యం.

ముందు గడువు సంగతి. నెలలో 15వ తేదీలోపు తెరిచిన ఖాతాకు ప్రతి నెలా 15లోపే కట్టాలి. 16న గానీ ఆ తర్వాత గానీ తెరిస్తే ప్రతి నెలా చివరి పనిదినం దాకా టైమ్ ఉంటుంది. అక్క 12న తెరిచారు కాబట్టి మే వాయిదా గడువు మే 15. నెలాఖరు దాకా ఉందనుకోవడమే ఆవిడ చేసిన పొరపాటు. ఇంకో సంగతి, ఖాతా బెంగళూరులో ఉన్నా సీబీఎస్, అంటే అన్ని శాఖలనూ కలిపే కంప్యూటర్ వ్యవస్థ, ఉన్న ఏ పోస్టాఫీసులోనైనా కట్టొచ్చు. కడపలోనే కట్టేసి ఉంటే ఈ టెన్షనే ఉండేది కాదు.

తప్పిన నెలకు జరిమానా ప్రతి 100 రూపాయలకు 1 రూపాయి. 2,000 వాయిదాకు 20 రూపాయలు. ఇది ఖాతాలోంచి కోసుకునేది కాదు, వాయిదాతో పాటు విడిగా కట్టేది. 2,000 మీద ఒక నెల వడ్డీ లెక్కేస్తే పదకొండు రూపాయల పైచిలుకు వస్తుంది. అంటే ఆలస్యం వల్ల రాకుండా పోయే వడ్డీ కంటే జరిమానా దాదాపు రెట్టింపు. కానీ అది కట్టేశాక మెచ్యూరిటీ మొత్తం తగ్గదు. ఆవిడ ఖాతాకు 6.7 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి అసలులో కలుస్తుంది. 60 వాయిదాలకు కట్టేది 1,20,000, చేతికొచ్చేది సుమారు 1,42,732. మే తప్పినా అంతే వస్తుంది, ఆవిడకు పడే ఖర్చు ఆ 20 రూపాయలే.

జూన్‌లో కట్టాల్సింది 4,020. మే వాయిదా 2,000, జరిమానా 20, జూన్ వాయిదా 2,000. పే-ఇన్ స్లిప్‌లో ఖాతా నంబరు, మొత్తం రాసి, పాత నెల బాకీ కూడా కడుతున్నామని కౌంటర్‌లో నోటితో చెప్పండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నిబంధన ప్రకారం ముందు పాత బాకీ తీరాలి, ఆ తర్వాతే ఈ నెల వాయిదా. అక్క ఆ రోజు 2,020 మాత్రమే కట్టి వచ్చేసి ఉంటే అది మే నెల బాకీకే పోయేది. జూన్ 15 దాటగానే జూన్ బాకీ పడేది. జూలైలో మళ్లీ 2,020 కడితే అది జూన్‌కు పోయి, జూలై మిగిలేది. ప్రతి నెలా తప్పకుండా కడుతున్నామనే అనుకుంటారు గానీ, ఎప్పుడూ ఒక నెల వెనకే ఉంటారు. డిసెంబరుకల్లా ఏడు సార్లు 20 చొప్పున 140 రూపాయలు పోతాయి. రసీదులో గానీ పాస్‌బుక్‌లో గానీ ప్రతిసారీ జరిమానా కనిపిస్తుంటే ఇదే జరుగుతోందన్నమాట. ఒక్కసారి అదనంగా ఒక వాయిదా కట్టేస్తే ఆగిపోతుంది.

వరుసగా నాలుగు నెలలు తప్పితే పరిస్థితి మారుతుంది. నాలుగో బాకీ పడిన రోజు నుంచి రెండు నెలల్లోపు అన్నీ జరిమానాతో కట్టి ఖాతాను మళ్లీ నడిపించుకోవచ్చు. ఆ గడువూ దాటిందా, ఆ ఖాతాలో ఇక వాయిదాలు కట్టనివ్వరు. అప్పటిదాకా వేసిన డబ్బు ఎక్కడికీ పోదు. కానీ మిగిలిన వాయిదాలు, వాటి మీద రావాల్సిన వడ్డీ ఉండవు. 1,42,732 అనుకున్నది చాలా తగ్గిపోతుంది.

బాకీలు నాలుగుకు మించకపోతే ఇంకో దారి ఉంది. ఎన్ని నెలలు తప్పాయో అన్ని నెలలు మెచ్యూరిటీ గడువు పొడిగించుకుని, ఆ వాయిదాలు అప్పుడు కట్టొచ్చు. డబ్బు ఆలస్యంగా చేతికొచ్చినా ఇబ్బంది లేనివాళ్లకు ఇది పనికొస్తుంది. అక్కకు 2029 జనవరిలో కూతురి కాలేజీ ఫీజు ఉంది. అందుకే జూన్‌లోనే 4,020 కట్టి, పాస్‌బుక్‌లో రెండు నెలలూ ఎక్కాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకుని వచ్చారు.