జీతం పడింది, రైలు డబ్బులు పడలేదు: యూకేలో పేరోల్‌కి ఎలా రాయాలి

యూకేకి వచ్చిన రెండో మూడో నెలలో చాలామందికి తగిలే దెబ్బ ఇది. ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళొస్తారు. రైలు, హోటల్ ఖర్చు సొంత కార్డు మీద పెట్టి, క్లెయిమ్ వేస్తారు. నెలాఖరుకి జీతం పడుతుంది కానీ ఆ డబ్బు మాత్రం కనిపించదు. రాత్రి పదకొండింటికి ఫోన్‌లో బ్యాంకు యాప్ చూసి, "నా శాలరీ సరిగ్గా పడలేదు, దయచేసి చూడండి" అని పేరోల్‌కి ఒక మెయిల్ కొట్టేస్తారు. వాళ్ళు జీతం చూస్తారు, అది సరిగ్గానే ఉంటుంది. "అంతా సరిగ్గానే ఉంది" అని జవాబిచ్చి కేసు మూసేస్తారు. వాళ్ళ తప్పేం లేదు. మీరు అడిగిందానికే వాళ్ళు జవాబు చెప్పారు.

కాబట్టి మెయిల్ రాసే ముందు పేస్లిప్ తెరవండి. బ్యాంకు యాప్‌లో కనిపించేది ఒక్క అంకె, అందులో ఏది కలిసిందో ఏది కలవలేదో తెలియదు. పేస్లిప్‌లో ఎడమవైపు చెల్లింపులు, కుడివైపు కోతలు విడివిడిగా ఉంటాయి. కొన్నిట్లో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఎక్స్‌పెన్సెస్ అనో, రీయింబర్స్‌మెంట్ అనో చెల్లింపుల్లో ఒక వరస ఉందా లేదా, ముందు అది చూడండి.

లెక్కతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. రెడింగ్‌లో ఉద్యోగం, నెలకి 3,500 పౌండ్ల గ్రాస్, ట్యాక్స్ కోడ్ 1257L M1 అంటే ఏ నెల పన్ను ఆ నెలకే విడిగా లెక్కించే కోడ్, పెన్షన్ కోత ఇంకా మొదలవలేదు అనుకుందాం. 2025-26 రేట్ల ప్రకారం ఇన్‌కమ్ ట్యాక్స్ 490.20, నేషనల్ ఇన్సూరెన్స్ 196.16 పోగా చేతికి 2,813.64 వస్తుంది. ఇప్పుడు సెప్టెంబర్ 2 నుంచి 4 దాకా మాంచెస్టర్ వెళ్ళొచ్చారు. రైలుకి 186.40, రెండు రాత్రుల హోటల్‌కి 214, టాక్సీకి 27.60, మొత్తం 428 పౌండ్లు. 8న క్లెయిమ్ వేశారు, 12న మేనేజర్ ఒప్పుకున్నారు, పేరోల్ గడువు 15. అంటే 30న ఖాతాలో 3,241.64 పడాలి.

2,813.64 మాత్రమే పడితే ఆ 428 అసలు పేరోల్‌కే చేరలేదన్నమాట. కానీ 3,121.80 పడిందనుకోండి, అంటే మామూలు జీతం కన్నా 308.16 ఎక్కువ. కొత్తవాళ్ళు దీన్ని చూసి "కొంత ఇచ్చారు, కొంత ఆపారు, ఏదో బిల్లు ఒప్పుకోలేదేమో" అనుకుని బిల్లులన్నీ మళ్ళీ స్కాన్ చేసి పంపుతారు. బిల్లుల గొడవ కాదు నాయనా. 428లో 20 శాతం ట్యాక్స్, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ తీసేస్తే మిగిలేది సరిగ్గా 308.16. మీ ఖర్చుని జీతంలో కలిపి పన్ను కోసేశారు. అడిగినదాంట్లో వచ్చింది 72 శాతం దగ్గర ఉంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. 40 శాతం ట్యాక్స్ కట్టేవాళ్ళకైతే నేషనల్ ఇన్సూరెన్స్ 2 శాతమే కాబట్టి 58 శాతం చేతికొస్తుంది.

ఇంకో సంగతి. చాలా కంపెనీల్లో ఖర్చుల డబ్బు జీతంతో కలిపి రాదు. కంపెనీ బిల్లులు చెల్లించే అకౌంట్స్ పేయబుల్ వాళ్ళు వేరే రోజున, వేరే రిఫరెన్స్‌తో వేస్తారు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ముందు వెనక పదిరోజులు వెతికి, 428 విడిగా పడిందేమో చూసుకోండి. ఆల్రెడీ పడ్డ డబ్బు కోసం పేరోల్‌ని నిలదీసినవాళ్ళకి తర్వాత ముఖం చెల్లదు.

అసలు చేరలేదంటే ఎక్కడ ఆగింది? క్లెయిమ్ పేజీ మీద Approved అని కనబడితే పని అయిపోయిందనుకుంటారు. చాలాచోట్ల అది మేనేజర్ ఒప్పుకున్న మెట్టు మాత్రమే. ఆ పైన ఫైనాన్స్ వాళ్ళు బిల్లులు చూడాలి, ఆ తర్వాత అది పేరోల్‌కి వెళ్ళే ఫైల్‌లో పడాలి. హోటల్ బుకింగ్ కన్ఫర్మేషన్ పెట్టి, అసలు బిల్లు పెట్టకపోతే ఫైనాన్స్ దగ్గరే ఆగుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంకోటుంది: ఎక్స్‌పెన్స్ సిస్టమ్‌లో మీ ఉద్యోగి నంబరు, పేరోల్‌లో మీ నంబరు ఒకదానికొకటి కలపకపోవడం. క్లెయిమ్ పచ్చగా కనిపిస్తూనే ఉంటుంది, పేరోల్ ఫైల్‌లో మాత్రం మీ పేరు మీద ఏమీ ఉండదు. ఆ సంగతి మీకు కనబడదు, వాళ్ళకే కనబడుతుంది. అందుకే మెయిల్‌లో రెండు నంబర్లూ రాయాలి.

గడువు దాటితే సంగతి వేరు. జీతం 30న అంటే 30న వేయరు. బ్యాక్స్ అనే బ్యాంకు పద్ధతికి మూడు పనిదినాలు పడుతుంది. 2025 సెప్టెంబర్ 30 మంగళవారం, కాబట్టి ఫైల్ శుక్రవారం 26కే వెళ్ళిపోవాలి. లెక్కలు, తనిఖీలు అంతకు ముందే. 18న మేనేజర్ ఒప్పుకుంటే అది అక్టోబర్ జీతానికి పోతుంది. అది పొరపాటు కాదు, ఫిర్యాదు చేయొద్దు. "అక్టోబర్‌లో వస్తుందా" అని ఒక్క మాట అడిగితే చాలు.

ఇక మెయిల్. ఆఫీసు ఐడీ నుంచే పంపండి, సొంత జీమెయిల్ నుంచి వద్దు. సబ్జెక్ట్ లైన్‌లో శాలరీ పడలేదు అని రాయకండి. జీతం పడింది కదా. ఇలా రాయండి:

```
September pay: expense claim 4471 missing (£428.00)
```

లోపల ఆరేడు వాక్యాలు చాలు. పేరోల్ నంబరు, ఎక్స్‌పెన్స్ సిస్టమ్‌లోని నంబరు. మాంచెస్టర్ ప్రయాణం తేదీలు. క్లెయిమ్ ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఒప్పుకున్నారు, గడువు ఎప్పుడు. పేస్లిప్‌లో ఆ వరస లేదని, రావాల్సింది ఎంత, వచ్చింది ఎంత అని. తర్వాత అడగాల్సింది ఒక్కటే: ఇది విడిగా ఇప్పుడే వేయగలరా, లేక అక్టోబర్ జీతంతోనా. ఫాస్టర్ పేమెంట్స్ అనే ఇంకో బ్యాంకు పద్ధతిలో మామూలుగా నిమిషాల్లోనో గంటల్లోనో పడిపోతుంది, కాబట్టి నెల మధ్యలో వేయడం సాంకేతికంగా కష్టం కాదు. కంపెనీ పద్ధతి ఒప్పుకుంటుందా అన్నదే ప్రశ్న. చివర్లో ఈ ఒక్క వాక్యం మాత్రం వదలొద్దు:

```
Please pay this as a non-taxable expense, not as salary.
```

ఈ వాక్యం దగ్గర ఇంకాసేపు ఆగాలి. పేరోల్ వాళ్ళు చేసే దిద్దుబాటే రెండో తప్పుకి దారితీస్తుంది. "వచ్చే నెల కలిపేస్తాం" అంటారు. హడావుడిలో బోనస్ వేసే కోడ్‌తోనో, జీతం బకాయి కోడ్‌తోనో 428 ఎక్కించేస్తారు. సాఫ్ట్‌వేర్‌కి అది ఖర్చని తెలియదు, ట్యాక్స్ కోసేస్తుంది. మీకు 119.84 పోతుంది. కంపెనీకీ పోతుంది: యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 2025 ఏప్రిల్ నుంచి 15 శాతం, అంటే ఇంకో 64.20. పైగా ఆ నెల మీ జీతం 3,928 అని ఇక్కడి పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీకి వెళ్ళిపోతుంది. సరిచేయకపోతే ఏడాది చివర మొత్తం జీతం, పన్ను చూపిస్తూ ఇచ్చే పీ60లో కూడా అదే అంకె కలిసి వస్తుంది. అలా జరిగితే ట్యాక్స్ వాపసు కోసం హెచ్ఎంఆర్‌సీకి ఫోన్ చేసి గంటసేపు సంగీతం వినక్కర్లేదు. ఆ వరసని వెనక్కి తీసి, ఖర్చు కోడ్ కింద మళ్ళీ వేయమని పేరోల్‌నే అడగండి. అదే పన్ను సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 5 లోపు చేస్తే వచ్చే నెల లెక్కలోనే సర్దుకుంటుంది.

అయితే ప్రతిసారీ పన్ను కోయడం తప్పు కాదు. ఇంటి నుంచి మీ రోజువారీ ఆఫీసుకి వెళ్ళే టికెట్ డబ్బు కంపెనీ ఇచ్చినా, దాని మీద పన్ను ఉంటుంది. మాంచెస్టర్ లాంటి తాత్కాలిక చోటుకి వెళ్తే ఉండదు. హైదరాబాద్ నుంచి వచ్చిన విమానం టికెట్ ఈ రెండిట్లోనూ కాదు, అది రీలొకేషన్ కింద వేరే క్లెయిమ్. దానికి పన్ను లేని పరిమితి మొత్తం 8,000 పౌండ్లు. రూపాయల్లో కట్టిన బిల్లు అయితే కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్క వరస కూడా జతచేయండి, లేకపోతే ఏ రేటు పట్టాలో తెలీక ఆపేస్తారు.

మెయిల్‌తో పాటు పేస్లిప్ పీడీఎఫ్, క్లెయిమ్ పేజీ స్క్రీన్‌షాట్ చాలు. స్క్రీన్‌షాట్‌లో క్లెయిమ్ నంబరు, ఒప్పుకున్న తేదీ కనబడాలి. మొత్తం బ్యాంకు స్టేట్‌మెంట్ పంపకండి, మీరు ఎక్కడ బిర్యానీ తిన్నారో వాళ్ళకి అనవసరం. ముఖ్యంగా, "ఈ కొత్త ఖాతాలో వేయండి" అని అదే మెయిల్‌లో రాయొద్దు. జీతం దారి మళ్ళించే మోసాలు సరిగ్గా ఇలాంటి మెయిళ్ళతోనే జరుగుతాయి. పేరోల్ వాళ్ళు దాన్ని సెక్యూరిటీకి పంపుతారు, మీ 428 అక్కడే ఇరుక్కుంటుంది. ఖాతా మార్చాలంటే హెచ్ఆర్ పోర్టల్‌లో మార్చుకోండి.

మాట తీరు గురించి కాస్త. మన అలవాటు ప్రకారం "ఐ హావ్ ఎ డౌట్" అని మొదలుపెట్టకండి. ఇక్కడ ఆ మాటకి మిమ్మల్ని నమ్మట్లేదు అన్న అర్థం వస్తుంది. "డూ ది నీడ్‌ఫుల్" అంటే ఏం చేయాలో వాళ్ళకి అర్థం కాదు, ఏం కావాలో సూటిగా చెప్పండి. అద్దె కట్టాలి, ఇంటికి పంపాలి అని కష్టాలు రాయక్కర్లేదు. మేనేజర్‌ని, ఆయన పై మేనేజర్‌ని మొదటి మెయిల్‌లోనే కాపీలో పెట్టడం ఇంకా పెద్ద తప్పు. రెండురోజుల్లో తేలే పనిని అది గొడవగా మారుస్తుంది.

మూడు పనిదినాలు ఆగండి. జవాబు రాకపోతే అదే మెయిల్ కింద, మీ ఫిర్యాదుకి పేరోల్ వాళ్ళు ఇచ్చిన టికెట్ నంబరుతో అడగండి, కొత్త టికెట్ తెరవకండి. రెండు టికెట్లు ఇద్దరి దగ్గరికి పోయి, అవతలివాళ్ళు చూస్తున్నారులే అని ఇద్దరూ వదిలేస్తారు.

అన్నట్టు, అందరి మనసులోనూ ఉండే భయం ఒకటుంది: ఇలా అడిగితే ప్రొబేషన్‌కో వీసాకో ఏమైనా అవుతుందా అని. ఏమీ కాదు. ప్రతి నెలా జీతాలు పడ్డాక పేరోల్ వాళ్ళకి ఇలాంటివి వస్తూనే ఉంటాయి. నంబర్లతో, తేదీలతో రాసినవి ముందు తెములుతాయి. మీ డబ్బు ఎక్కడికీ పోలేదు, ఆ ఫైల్‌లో ఎక్కలేదంతే.

డబ్బు పడ్డాక కూడా అక్టోబర్ పేస్లిప్ తెరవండి. ట్యాక్సబుల్ పే దగ్గర 3,500 ఉండి, 428 విడి వరసలో ఉంటేనే మెయిల్‌కి థాంక్స్ అని జవాబివ్వండి.