పదకొండుతో గుణిస్తే జవాబు వంద తగ్గుతోందా?

చి. అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు ఫొటో తీసి పంపిన లెక్కల పేజీ చూశాను. పదకొండుతో గుణకారాలు సగం రైటు, సగం తప్పు. ఒక్క 48 లెక్క తప్ప, తప్పయిన ప్రతిదాంట్లోనూ జవాబు సరిగ్గా వంద తక్కువుంది. ఈ జబ్బు నాకు కొత్తేం కాదులే. మన అరుగు మీద కూర్చుని లెక్కలు చెప్పించుకున్న పిల్లల్లో చాలామందిది ఇదే తంతు. ఒక్క సున్నా పెట్టి చూసుకుంటే ఎవరికి వాళ్లకే దొరికిపోయే తప్పిది. ఆ చూసుకోవడం మాత్రం ఎవరూ చెయ్యరు!

చిట్కా నీకు తెలుసు కాబట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పను. రెండంకెలనీ కాస్త ఎడంగా రాసి, వాటి మొత్తాన్ని మధ్యలో పెడతావు. 45 అయితే 4, 5 మధ్యలో 9. జవాబు 495. ఇంతవరకూ బాగానే ఉంది.

లక్షణం: జవాబు వంద తగ్గింది

నీ పేజీలోదే ఒకటి తీసుకుందాం. 76 × 11 = 736 అని రాశావు. ఏం జరిగిందో నేను చెబుతా. ముందు 7 వేసేశావు. ఏడూ ఆరూ పదమూడు అనుకుని, మధ్యలో 3 వేశావు. చేతిలో 1 ఉందని గుర్తుంది కూడా, కానీ అప్పటికే కలం ముందుకెళ్లిపోయింది. చివర 6 వేసి పక్క లెక్కలోకి దూకావు. ఆ 1 చేతిలోనే ఉండిపోయింది.

అది ఎక్కడికి వెళ్లాలో తెలియాలంటే చిట్కా పక్కన పెట్టి మామూలుగా వేసి చూడు. పదకొండు సార్లంటే పది సార్లు, పైన ఇంకోసారి. అంతేగా?

```
  760
+  76
-----
  836
```

మధ్య స్థానంలో 6 కింద 7 పడింది చూశావా? మనం మధ్యలో పెట్టే మొత్తం పుట్టింది అక్కడే. చిట్కా అంటే ఈ కూడికే, రెండు వరసలు రాయకుండా ఒకే వరసలో రాయడం. అది పదుల స్థానం కాబట్టి, అక్కడ పదమూడు వస్తే 3 అక్కడే ఉంటుంది, 1 వందల స్థానంలోకి పోతుంది. వందల్లో ఉన్న 7 అప్పుడు 8 అవుతుంది. ఆ 1 విలువ వంద కాబట్టే, మర్చిపోయిన ప్రతిసారీ జవాబు వందే తగ్గుతుంది. తొంభై కాదు, నూటపది కాదు.

కాగితం మీద వంద అంటే ఏముందిలే అనిపిస్తుంది. మన కొబ్బరి దింపు లెక్క అనుకో. 76 చెట్లు, చెట్టుకి 11 కాయల చొప్పున దిగాయి. నీ లెక్కన 736 కాయలకే డబ్బులు తీసుకుంటే, వంద కాయలు షావుకారుకి ఊరికే ఇచ్చినట్టు. రాశి పోసి లెక్కపెట్టేవాళ్లు వంద తేడా ఒప్పుకోరు, కాగితం మాత్రం ఏం రాసినా ఒప్పుకుంటుంది.

మరి సగమే ఎందుకు తప్పాయి? రెండంకెల సంఖ్యలు మొత్తం 90 ఉన్నాయి. వాటిల్లో 45 సంఖ్యలకి అంకెల మొత్తం తొమ్మిది దాటదు, మిగతా 45కి దాటుతుంది. సరిగ్గా సగానికి సగం. చిట్కా నేర్పేవాళ్లు 23, 34, 45 లాంటివే చేసి చూపిస్తారు. చూసిన పిల్లలకి చెయ్యి అలాగే అలవాటు పడిపోతుంది. నాకు చిరాకు వచ్చేది అక్కడే. 76 లాంటిది ఒక్కటి మొదటి రోజే చేయిస్తే ఈ ఉత్తరం అవసరం ఉండేది కాదు.

ఏం చెయ్యాలి

కుడి నుంచి ఎడమకి రాయి. ముందు 6 వెయ్యి. తర్వాత ఏడూ ఆరూ పదమూడు, 3 వేసి చేతిలో 1. ఆఖర్న 7కి ఆ 1 కలిపి 8 వెయ్యి. కూడికలు ఎప్పుడూ చేసేది ఇలాగే కదా, చిట్కా అనేసరికి మాత్రం ఎడమ నుంచి మొదలుపెడతారెందుకో! నోటితో చెప్పాలంటే ఎడమ నుంచి చెప్పక తప్పదు. అప్పుడు మొదటి అంకె నోటివెంట రాకముందే మొత్తం తొమ్మిది దాటుతుందా అని ఒక్కసారి చూసుకో.

ఇక ఎవరూ చెయ్యని ఆ పరీక్ష. ఇచ్చిన సంఖ్య పక్కన సున్నా పెట్టు. జవాబు దానికంటే ఎక్కువుండాలి, కానీ దానిమీద వంద దాటకూడదు. 76 పక్కన సున్నా పెడితే 760. నీ 736 దానికంటే తక్కువ. పది సార్లకంటే పదకొండు సార్లు తగ్గుతుందా? చేతిలో 1 మర్చిపోయిన తప్పు ఈ పరీక్షకి ప్రతిసారీ దొరుకుతుంది. పది రెట్ల మీద మనం కలిపేది వందలోపు సంఖ్యనే కదా, అందులోంచి వంద పోతే జవాబు పది రెట్ల కిందకి దిగక తప్పదు.

దీనికి దొరకని తప్పులూ ఉన్నాయి. ఏడూ ఆరూ పన్నెండు అనుకుంటే 826 వస్తుంది. అది 760కి, 860కి మధ్యే ఉంది కాబట్టి పరీక్ష దాటేస్తుంది. అలాంటి అనుమానం వస్తే, మూడంకెల జవాబులో మొదటి అంకె, చివరి అంకె కలిపి మధ్య అంకె తీసెయ్యి. సున్నా గాని 11 గాని రావాలి. 826కి 8, 6 కలిపి 14, రెండు తీస్తే 12. తప్పన్నమాట. 836కి 14లో 3 తీస్తే 11, సరిపోయింది.

లక్షణం: జవాబు వేలల్లోకి వెళ్లిపోయింది

48కి 4128 రాశావు. పన్నెండుని పన్నెండుగానే మధ్యలో ఇరికించావు. ఒక స్థానంలో ఒక్క అంకే పడుతుంది. 2 ఉంచి, 1 ని 4కి కలిపితే 528.

నాలుగంకెల జవాబు అసలు రాకూడదని కాదు. 91 నుంచి 99 వరకూ వస్తుంది. 97 చూడు. 7 వేశాం, తొమ్మిదీ ఏడూ పదహారు, 6 వేసి చేతిలో 1, తొమ్మిదీ ఒకటీ పది. జవాబు 1067. ఈ తొమ్మిది సంఖ్యలకీ జవాబు 10 తోనే మొదలవుతుంది. ఇంకెలా మొదలైనా కొట్టేసి మళ్లీ చెయ్యి.

మిగతావి

64 లాంటి వాటిలో మొత్తం సరిగ్గా పది వస్తే సున్నాని ఎగరగొట్టకు, జవాబు 704, 74 కాదు. 48ని 84గా దించుకున్నావంటే అది చిట్కా తప్పు కాదు, చూపు తప్పు. ఇదే చిట్కా పన్నెండుకి పనిచేస్తుందా అని మీ అన్నయ్య అడిగాడు. చెయ్యదు, వాణ్ణి ఎక్కం చదువుకోమను.

58, 64, 93, 87 చేసి పంపు. ఒక్కోదాని పక్కన పది రెట్లు ఎంతో రాసి ఉండాలి. అది లేకపోతే నేను దిద్దను, ముందే చెబుతున్నా.

ఇట్లు,
తాతయ్య